రెండు చివరలా 228 చూపిస్తోంది, మోటారు మాత్రం గుయ్‌మంటోంది

వంశధార_రైతు (గుణుపురం దగ్గర)
అందరికీ నమస్కారం. మాది ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు. ఇంటి మీటరు బోర్డు నుంచి నూతి దాకా 110 మీటర్లు, 2.5 రాగి తీగ. నాలుగు రోజులుగా స్విచ్ వేస్తే గుయ్‌మని మూలుగుతుందే కానీ తిరగదు. కెపాసిటర్ కొత్తది వేశాను, అదే మూలుగు. మీటరు బోర్డు దగ్గర వోల్టేజ్ చూస్తే 228. మోటారు తీగలు విప్పేసి నూతి దగ్గర చూసినా 228. టెస్టరు రెండు చోట్లా భేషుగ్గా వెలుగుతోంది. మెకానిక్ వచ్చి "లైన్ బాగుంది, మోటారు కాలింది, రివైండింగ్ చేయించు" అన్నాడు.

మా వాడు పదో తరగతి, ఒడియా మీడియం. వాడి పుస్తకంలో కరెంటుని "విద్యుత్ స్రోత" అంటారు. "స్రోత అంటే ఏరే కదా నాన్నా, అక్కడా ఇక్కడా ఒకే ప్రెషర్ ఉంటే నీళ్లు ఎందుకు రావు?" అని అడుగుతున్నాడు. నా దగ్గర జవాబు లేదు. మోటారు విప్పాలా, వద్దా?

బరంపురం_బాబు
అన్నా, నూతిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి? ఫుట్ వాల్వ్ లీకైతే కూడా నీళ్లు రావు. మాకు ఒకటిన్నర ఇంచి పైపు తీసేసి రెండించీలు వేశాక బాగా వచ్చాయి.

వంశధార_రైతు
బాబూ, నీళ్ల దాకా పోలేదు. మోటారే తిరగడం లేదు. పైపు సంగతి మావాడు పోలిక కోసం అన్నాడు.

కొరాపుట్_కుర్రాడు (ఐటీఐ రెండో ఏడు)
లో వోల్టేజ్ సమస్య అన్నా ఇది. నూతి దగ్గర స్టెబిలైజర్ పెట్టండి, అయిపోతుంది. పోలిక కూడా సులువే. వోల్టేజ్ అంటే ప్రెషర్, కరెంటు అంటే నీళ్లు, రెసిస్టెన్స్ అంటే పైపు సన్నదనం. ఫేజులో కరెంటు వస్తుంది, మోటారు దాన్ని తాగేస్తుంది. అందుకే న్యూట్రల్ పట్టుకున్నా ఏమీ కాదు, అందులో మిగిలేది ఏమీ ఉండదు.

పర్లాకిమిడి_వైండింగ్
తమ్ముడూ, న్యూట్రల్ పట్టుకోమని ఎవరికీ చెప్పకు. ఎక్కడో న్యూట్రల్ తెగి ఉంటే ఇటువైపు ముక్కలో ఫేజంత దెబ్బ ఉంటుంది. మా షాపుకి వచ్చిన వాళ్లలో ఇద్దరు అలా తిన్నారు.

రైతుగారూ, మోటారు విప్పకండి. నా వ్యాపారం రివైండింగే, నాకు నష్టమైనా చెబుతున్నాను. నా దగ్గరికి "కాలిపోయింది" అని తెచ్చేవాటిలో చాలావాటికి లోపల తీగ శుభ్రంగా ఉంటుంది. షాపులో కరెంటు ఇస్తే గిర్రున తిరుగుతాయి, ఇంటికి తీసుకెళ్తే మళ్లీ మూలుగుతాయి. లోపం మోటారుకీ మీటరుకీ మధ్య ఉంటుంది. ఏమీ తగిలించకుండా చూసిన 228ని నమ్మకండి.

వంశధార_రైతు
మీటరు అబద్ధం చెబుతోందా అన్నా?

కాశీనగర్_మాస్టారు (రిటైరయ్యాను)
మీటరు నిజమే చెబుతోంది బాబూ. మీరు దాన్ని అడిగిన ప్రశ్న వేరు.

మీ డాబా మీద ట్యాంకు ఉందనుకోండి. కింద పెరట్లో కొలాయి. మధ్యలో గోడలో ఒక గేట్ వాల్వ్, అది తుప్పు పట్టి ముప్పావు వంతు మూసుకుపోయింది, మీకు తెలియదు. కొలాయి కట్టేసి దాని దగ్గర ప్రెషర్ గేజి పెట్టండి. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక కేజీ ప్రెషర్ పూర్తిగా చూపిస్తుంది. వాల్వ్ కాస్త తెరిచి ఉన్నా చాలు, నీళ్లు కదలనంతసేపు ప్రెషర్ అవతలికి పూర్తిగా చేరుతుంది. ఇప్పుడు కొలాయి తిప్పండి. గేజి ముల్లు పడిపోతుంది, ధార సన్నగా వస్తుంది. నీళ్లు పారడం మొదలైతేనే ఇరుకు బయటపడుతుంది.

మీ మోటారు తీగలు విప్పేసి చూడటమంటే కొలాయి కట్టేసి గేజి చూడటమే. ఇరుకులో పోయే ప్రెషర్ ఎంత అంటే, పారే ప్రవాహాన్ని ఆ ఇరుకుతో గుణించినంత. ప్రవాహం సున్నా అయితే పోయేదీ సున్నా. దీన్నే V = I × R అని రాస్తారు. పిల్లలు దీన్ని పరీక్షకి బట్టీ పడతారు కానీ, ఇందులో I సున్నా అయితే ఏమవుతుందో అడగరు.

టెస్టరు సంగతి ఇంకా అన్యాయం. అందులో పది లక్షల ఓమ్స్ దరిదాపు రెసిస్టెన్స్ ఉంటుంది. దాన్ని వెలిగించడానికి ఒక మిల్లీ ఆంపులో పిసరంత చాలు. పైపుకి గుండుసూది బెజ్జం పెట్టి, అందులోంచి చుక్క వచ్చింది కాబట్టి పైపు బాగుందన్నట్టు.

వంశధార_రైతు
ఇప్పుడు కొంచెం అర్థమైంది మాస్టారూ. అంటే ఏదో ఒకటి తగిలించి, అది నడుస్తుండగా కొలవాలి. మోటారునే తగిలించి చూడనా?

పర్లాకిమిడి_వైండింగ్
వద్దు. తిరగని మోటారు మీద కరెంటు ఎక్కువసేపు ఉంచితే అప్పుడు నిజంగానే కాలిపోతుంది. ఇస్త్రీ పెట్టె ఉందా? వెయ్యి వాట్లది. అది నూతి దగ్గర తగిలించండి, బాగా వేడికి తిప్పి పెట్టండి. ముందు మీటరు బోర్డు దగ్గర ఎంతుందో, తర్వాత ఇస్త్రీ పెట్టె పిన్నుల దగ్గర ఎంతుందో, రెండూ పెట్టె వేడెక్కుతుండగానే చూడండి. తీగ విప్పకుండా చుట్టూ పట్టించి ఆంపులు కొలిచే క్లాంప్ మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే అదీ తెచ్చుకోండి.

కొరాపుట్_కుర్రాడు
స్టెబిలైజర్ ఎందుకు పనిచేయదో చెప్పండి అన్నా. మా ఊళ్లో టీవీకి పెట్టుకుంటారు కదా.

పర్లాకిమిడి_వైండింగ్
ఊరి లైనులోనే ప్రెషర్ తక్కువైతే, ఇంట్లో తీగ బాగుంటే పనికొస్తుంది, అంతవరకూ నువ్వన్నది నిజం. కానీ ఇక్కడ తీగలోనే ఇరుకు ఉంటే? స్టెబిలైజర్ వోల్టేజ్‌ని సొంతంగా పుట్టించదు. అవతల ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాలంటే ఇవతల లైన్లోంచి ఎక్కువ కరెంటు లాగాలి. ఎక్కువ లాగితే ఇరుకులో ఇంకా ఎక్కువ పోతుంది. మూసుకుపోయిన పైపు చివర ఇంకో పంపు పెట్టి పీల్చినట్టు ఉంటుంది.

వంశధార_రైతు
చేశాను. పక్కింటాయన క్లాంప్ మీటరు తెచ్చాడు. ఇస్త్రీ పెట్టె నడుస్తుండగా మీటరు బోర్డు దగ్గర 226. నూతి దగ్గర 203. క్లాంప్‌లో 3.8 ఆంప్స్. ఇస్త్రీ తీసేస్తే మళ్లీ రెండు చోట్లా 228!

మావాడు ఒక తమాషా చేశాడు. క్లాంప్‌ని ఎర్ర తీగ మీద పెడితే 3.8, నల్ల తీగ మీద పెడితే కూడా 3.8, రెండూ కలిపి పెడితే సున్నా. పాడైందేమో అని మూడుసార్లు చూశాం.

కాశీనగర్_మాస్టారు
మీవాడికి నా తరఫున ఒక జంతిక ఇవ్వండి. కొరాపుట్ కుర్రాడికి జవాబు అందులోనే ఉంది. ఫేజులో ఎంత పోయిందో న్యూట్రల్లో అంతే తిరిగి వచ్చింది. రెండూ ఎదురెదురు దిక్కులు కాబట్టి, కలిపి పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపించింది. మోటారు గానీ ఇస్త్రీ పెట్టె గానీ కరెంటుని తాగవు.

అందుకే నేను ట్యాంకు పోలికని సగం దాకే వాడతాను. ట్యాంకు నీళ్లు కొలాయిలోంచి బయటికి పోతాయి, తిరిగి రావు. కరెంటుకి సరైన పోలిక గుండ్రంగా తిరిగే పైపు. ఒక పంపు, పోయే పైపు, మధ్యలో నీటి చక్రం, వచ్చే పైపు, మళ్లీ పంపు. పైపులన్నీ ముందే నీళ్లతో నిండి ఉంటాయి. పంపు తోయగానే చక్రం వెంటనే కదులుతుంది, పంపు దగ్గరి నీటిబొట్టు అక్కడిదాకా ప్రయాణం చేయనక్కర్లేదు. స్విచ్ వేయగానే లైటు వెలగడం కూడా ఇంతే. తీగలో ఎలక్ట్రాన్లు నత్తల్లా కదులుతాయి, కానీ తీగ పొడవునా ముందే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క. 226 లోంచి 203 పోతే 23 వోల్టులు దారిలో పోయాయి. 23ని 3.8తో భాగిస్తే 6 ఓమ్స్. మరి 2.5 రాగి తీగ కిలోమీటరుకి సుమారు 7.4 ఓమ్స్. మీది పోను 110, రాను 110, మొత్తం 220 మీటర్లు. అంటే 1.6 ఓమ్స్ ఉండాలి. చాలామంది రాకని మరిచిపోయి 110కే లెక్క వేస్తారు. ఉండాల్సింది 1.6, ఉన్నది 6. మిగతా 4.4 ఓమ్స్ ఎక్కడో ఒక చోట కూర్చుని ఉంది. దారిలో ఎక్కడైనా జాయింట్ ఉందా?

వంశధార_రైతు
ఉంది మాస్టారూ. పోయినేడు గాలివానకి తాటిమట్ట పడి తీగ తెగింది. మా బావమరిది ఒక ముక్క వేసి అతికాడు. టేపు గట్టిగానే చుట్టి ఉంది. కానీ పోయినసారి ఫేజు జాయింట్ విప్పి మళ్లీ చుట్టాను. నల్లదాన్ని ముట్టుకోలేదు, న్యూట్రలే కదా అని.

సిరొంచ_అక్క (గడ్చిరోలి జిల్లా, స్కూల్లో సైన్సు చెబుతాను)
నేనొకటి అడగాలి, మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మా అత్తవారింట్లో న్యూట్రల్ తెగితే, మా మరిది ఇనుప కడ్డీ ఒకటి నేలలో దిగేసి దానికి కలిపాడు. లైటు వెలిగింది. ఫ్యాను మెల్లగా తిరిగింది. మిక్సీ మాత్రం మూలిగింది. మీరు చెప్పే గుండ్రం పైపు నిజమైతే, నేలలోంచి నీళ్లు ఎలా తిరిగి వెళ్లాయి?

పర్లాకిమిడి_వైండింగ్
అక్కా, ఆ కడ్డీని ఇవాళే తీయించండి, మిగతాది తర్వాత చదవండి. కడ్డీ చుట్టూ ఉన్న మట్టే తిరుగు పైపు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని కూడా భూమిలో దించి ఉంటారు, కాబట్టి దారి దొరుకుతుంది. కానీ మట్టికి పదుల ఓమ్స్ ఉంటాయి, ఎండిన నేలైతే ఇంకా ఎక్కువ. లైటుకి అర ఆంపు కూడా అక్కర్లేదు, గడిచిపోతుంది. మిక్సీకి రెండు మూడు ఆంపులు కావాలి, అక్కడ ప్రెషర్ అంతా మట్టిలోనే పోతుంది. పోయినదంతా ఆ కడ్డీ మీదే కనిపిస్తుంది. మిక్సీ నడుస్తుండగా కడ్డీని ముట్టుకున్న మనిషికో, పక్కన కట్టిన గేదెకో వంద వోల్టులు తగలొచ్చు.

సిరొంచ_అక్క
ఇప్పుడే ఫోన్ చేశాను. తీసేస్తానన్నాడు. గేదె పేరు చెబితే గానీ కదల్లేదు.

వంశధార_రైతు
దొరికింది! పర్లాకిమిడి అన్న ఫోన్‌లో చెప్పినట్టు చేశాను. మెయిన్ ఆపేసి, నల్ల జాయింట్‌కి అటూ ఇటూ మీటరు క్లిప్పులు పెట్టి, చేతులు తీసేశాక మెయిన్ వేశాను. ఇస్త్రీ పెట్టె నడుస్తుండగా ఆ నాలుగు వేళ్ల జాయింట్ మీదే 17 వోల్టులు. ఎర్ర జాయింట్ మీద ఒక వోల్టు కూడా లేదు. ఆపేసి టేపు విప్పితే లోపల టేపు కరిగి బెల్లం పాకంలా సాగుతోంది, వేలికి చురుక్కుమంది. తీగ మీద తెల్లటి పొడి. బావమరిది వేసిన ముక్క రాగి కాదు, అల్యూమినియం!

పర్లాకిమిడి_వైండింగ్
అనుకున్నాను. రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా మెలితిప్పి వదిలేస్తే, తేమ తగిలినప్పుడు అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. ఆ తెల్ల పొడి కరెంటుని దాటనివ్వదు. పైగా అల్యూమినియం మెత్తన, వేడికి సాగి చల్లారినప్పుడు వదులవుతుంది. వదులైతే ఇంకా వేడి, ఇంకా వదులు. ఆ ముక్క మొత్తం తీసేసి రాగి వేయండి, మెలి కాకుండా క్రింప్ స్లీవ్‌తో నొక్కించండి. పైన హీట్ ష్రింక్ తొడుగు.

మూలుగు ఎందుకో కూడా చెబుతాను. ఒక హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు ఏడు ఆంపుల దాకా తీసుకుంటుంది, కదలడం మొదలుపెట్టే క్షణంలో పాతిక, ముప్పై అడుగుతుంది. ఆ క్షణంలో మోటారు తనంతట తాను ఏడెనిమిది ఓమ్స్‌లా ప్రవర్తిస్తుంది. మీ లైనులో ఆరు ఓమ్స్. ప్రెషర్ ఇద్దరికీ దాదాపు సగం సగం పంచుకున్నట్టు. మోటారుకి అందింది 130 దరిదాపు. వోల్టేజ్ సగమైతే తిప్పే బలం పావు. పావు బలంతో నీళ్లు నిండిన పంపు కదలదు, గుయ్‌మంటుంది.

కొరాపుట్_కుర్రాడు
న్యూట్రల్ గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక సందేహం. న్యూట్రల్లో ఇరుకు ఉంటే మోటారు తర్వాత కదా? మోటారుకి కరెంటు ముందే అందిపోయింది కదా?

కాశీనగర్_మాస్టారు
గుండ్రం పైపుని మళ్లీ తలుచుకో నాయనా. తిరుగు పైపులో వాల్వ్ సగం కట్టేస్తే ఏమవుతుంది? చక్రం దాటిన నీళ్లు ముందుకు పోలేవు, వెనక నీళ్లు ఆగుతాయి, చక్రం మెల్లగా తిరుగుతుంది. పోయే పైపులో కట్టినా, వచ్చే పైపులో కట్టినా ఫలితం ఒకటే. ఇరుకు ముందుందా వెనకుందా అన్నది ప్రవాహానికి పట్టదు, అది అన్ని ఇరుకులనీ కలిపి చూస్తుంది.

సిరొంచ_అక్క
మాస్టారూ, పోలిక బాగుంది కానీ క్లాసులో దీన్ని వాడితే నాకు రెండు చోట్ల దెబ్బ తగిలింది. పైపు తెగితే నీళ్లు బయట పారతాయి, తీగ తెగితే కరెంటు కారదు, ఆగిపోతుంది. అది ఎలాగో సర్ది చెప్పాను. రెండోది కష్టం. "తీగ మందం రెట్టింపు అయితే?" అని పిల్ల అడిగింది. తీగకైతే నాలుగు రెట్లు తేలిక. పైపుకైతే నాలుగు రెట్లు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ నీళ్లు వస్తాయి, ఎందుకంటే గోడ పక్క నీళ్లు నెమ్మదిగా, మధ్యలోవి జోరుగా పోతాయి. కరెంటు అలా కాదు, తీగ అడ్డుకోత అంతటా సమంగా పోతుంది.

కాశీనగర్_మాస్టారు
నిజం అమ్మా. పోలికని అక్కడిదాకా లాగకూడదు. తీగని చదరపు మిల్లీమీటర్లలో అమ్మేది అందుకే, 2.5 నుంచి 4కి పోతే రెసిస్టెన్స్ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఇంకో మాట, ఓమ్ 1827లో తన సూత్రం ప్రకటించినప్పుడు ఆయన ముందున్న నమూనా నీళ్లు కాదు, కడ్డీలో వేడి ఎలా పాకుతుందో ఫూరియే వేసిన లెక్క. నీళ్లు మనకి సులువు కాబట్టి మనం పెట్టుకున్నాం.

బరంపురం_బాబు
ఇంతకీ నా ప్రశ్న. మా మోటారు దగ్గర కూడా వోల్టేజ్ తగ్గుతుంది, అప్పుడు కరెంటు కూడా తగ్గాలి కదా? మాకు స్టార్టర్ ఓవర్‌లోడ్ కొట్టేస్తోంది.

పర్లాకిమిడి_వైండింగ్
ఇస్త్రీ పెట్టె అయితే నువ్వన్నట్టే తగ్గుతుంది. మోటారు అలా కాదు. అది దాదాపు అదే వేగంతో తిరిగి, అదే నీళ్లు ఎత్తాలని చూస్తుంది. ప్రెషర్ తగ్గితే ప్రవాహం పెంచుకుంటుంది. కాలిపోయే మోటార్లు ఇలాంటివే.

కొరాపుట్_కుర్రాడు
మా సారు మాత్రం వోల్టేజ్ తగ్గితే మోటారు కరెంటు కూడా తగ్గుతుందనే చెప్పారు. ఫ్యాన్‌కి తగ్గడం నేను కళ్లారా చూశాను.

పర్లాకిమిడి_వైండింగ్
ఫ్యాన్‌ది వేరే దారి, రెగ్యులేటర్ తిప్పితే అది వేగమే తగ్గించుకుంటుంది. మీ సారు ఏ మోటారుని తలుచుకుని అన్నారో అడిగి చెప్పు.

వంశధార_రైతు
ముక్క మార్చి స్లీవ్ వేయించాను. ఇస్త్రీ పెట్టెతో మళ్లీ చూస్తే బోర్డు దగ్గర 226, నూతి దగ్గర 219. మోటారు ఒక్క దెబ్బకి లేచింది. రివైండింగ్ ఖర్చు తప్పింది.

మావాడి చివరి ప్రశ్న. పోయిందంతా తిరిగి వచ్చేస్తే మీటరు దేనికి డబ్బు లెక్క వేస్తోంది?

కాశీనగర్_మాస్టారు
నీళ్లు తిరిగొచ్చాయి కానీ ప్రెషర్ తిరిగి రాలేదని చెప్పండి. చక్రం దగ్గరికి ప్రెషర్‌తో వచ్చిన నీళ్లు, దాన్ని తిప్పడంలో ఆ ప్రెషర్ వదిలేసి ఉత్తచేతులతో వెనక్కి పోయాయి. ఎంత ప్రెషర్ వదిలాయి, ఎంత జోరుగా పారాయి, ఎంతసేపు, ఈ మూడింటి గుణకారానికే బిల్లు. మీ పాత జాయింట్ వదిలినదానికీ బిల్లు కట్టారు. ఇస్త్రీ పెట్టె నడిచినప్పుడు 17 వోల్టులు, 3.8 ఆంప్స్ అంటే దాదాపు 65 వాట్లు. టేపుని పాకం పట్టడానికి.

వంశధార_రైతు
ఆ లెక్క వాడే బావమరిదికి చెబుతానంటున్నాడు మాస్టారూ, ఆదివారం వస్తున్నాడు. ఇంకొకటి మిగిలింది. సాయంత్రం పక్క చేనాయన మోటారు వేయగానే మా మీటరు బోర్డు దగ్గరే 205కి పడిపోతోంది. ఈ ఇరుకు మా తీగలో లేదు కదా?

పర్లాకిమిడి_వైండింగ్
బోర్డు దగ్గరే పడితే మీ తీగది కాదు. మీ ఇద్దరికీ ముందున్న పైపుది, అంటే స్తంభం నుంచో ట్రాన్స్‌ఫార్మర్ నుంచో. ఆయన మోటారు ఆపి, మీ ఇస్త్రీ పెట్టె ఒక్కటే బోర్డు దగ్గర పెట్టి ఎంత పడుతుందో రాసి పెట్టండి. స్తంభం మీద జాయింట్ ఎప్పుడైనా చిటపటమందా, రాత్రి మెరిసిందా?

వంశధార_రైతు
వానలో మెరుస్తుంది. పిడుగనుకున్నాం.